ఏజెంట్, బ్రోకర్, ఆన్‌లైన్: మన ప్రీమియంలో ఎవరి వాటా ఎంత?

ఉదయగిరి, ఆత్మకూరు వైపు పాలసీ ఎక్కడ తీసుకున్నారని అడిగితే చాలామంది కంపెనీ పేరు చెప్పరు, "ఫలానా సార్ దగ్గర కట్టాం" అంటారు. ఈ అలవాటు ఎలా వచ్చిందో ఈ ఎపిసోడ్‌లో చూద్దాం.

1925లో భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు మచిలీపట్నంలో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ పెట్టారు. అప్పట్లో దేశమంతా ఇలాంటి కంపెనీలు చాలానే ఉండేవి. 1956లో ప్రభుత్వం జీవిత బీమా చేసే 245 సంస్థలను కలిపేసి ఎల్ఐసీ చేసింది. కంపెనీ ఒక్కటే అయింది, కానీ ఊళ్లకు పాలసీ తీసుకెళ్లింది ఏజెంటే. ఆయనకు జీతం ఉండదు, కమిషనే.

ఆ కమిషన్ లెక్క చూడండి. ఏడాదికి 20,000 రూపాయలు కట్టే పాత ఎండోమెంట్ పాలసీ ఒకటి అనుకుందాం. చట్టం ఒప్పుకున్న గరిష్ఠం మొదటి ఏడాది 35 శాతం, అంటే 7,000. రెండో, మూడో ఏడాది ఏడున్నర శాతం, అంటే 1,500 చొప్పున. ఆ తర్వాత 5 శాతం. ఇప్పుడు మూడేళ్లు కట్టి ఆపేశారనుకోండి. మీరు కట్టింది 60,000. ఏజెంట్‌కు వచ్చింది 10,000. సరెండర్ చేస్తే మీకు హామీ ఉన్న కనీస మొత్తం, మొదటి ఏడాది ప్రీమియం తీసేసి మిగతా దాంట్లో 30 శాతం. అంటే 12,000. టర్మ్ పాలసీకి ప్రీమియమే తక్కువ, కాబట్టి కమిషనూ తక్కువే. ఎండోమెంట్ గురించే ఎక్కువ ఎందుకు వింటామో ఇప్పుడు అర్థమవుతుంది కదా. 2023 ఏప్రిల్ నుంచి ఆ పాత పరిమితులు పోయాయి, కమిషన్ ఎంతో కంపెనీ బోర్డే నిర్ణయిస్తుంది.

బ్రోకర్లకు మన దేశంలో లైసెన్సులు 2002 నిబంధనలతో మొదలయ్యాయి. ఏజెంట్ కంపెనీ మనిషి. బ్రోకర్ చట్టప్రకారం మీ మనిషి, చాలా కంపెనీల పాలసీలు పోల్చి చెప్పాలి. అయితే ఆయనకూ డబ్బిచ్చేది కంపెనీయే. చిన్న ప్రీమియాల మీద ఆఫీసు నడవదు కాబట్టి బ్రోకర్లు ఎక్కువగా సిటీల్లో, కంపెనీల గ్రూప్ పాలసీల దగ్గరే ఉండిపోయారు.

ఇక ఆన్‌లైన్. బీమా కంపెనీ సొంత సైట్‌లో కొంటేనే అది డైరెక్ట్. పోల్చి చూపించే సైట్ కూడా చాలాసార్లు బ్రోకరే, పేజీ కింద లైసెన్స్ నంబర్ ఉంటుంది, చూడండి. డైరెక్ట్‌లో మధ్యవర్తి కమిషన్ ఉండదు, సలహా కూడా ఉండదు. షుగరు, బీపీ, పాత ఆపరేషన్లు, అన్నీ ఫారంలో మీరే సరిగ్గా రాయాలి. దాచినట్టు తేలితే మొదటి మూడేళ్లలో క్లెయిమ్ ఆగిపోవచ్చు.

ఏజెంట్ ఫారం నింపినా ఇదే రూలు. సంతకం మీది కాబట్టి జవాబుదారీ మీదే. అందుకే మీ ఏజెంట్‌ను రెండు అడగండి: "ఇదే కవర్ టర్మ్‌లో అయితే ఎంత? మూడేళ్లకు ఆపేస్తే నాకెంత వస్తుంది?" జవాబు కాగితం మీద రాయించుకోండి. రాసిచ్చే ఏజెంట్ మీ ఊళ్లో ఉంటే, క్లెయిమ్ రోజున ఇంటికొచ్చే ఆ మనిషికి కమిషన్ ఇవ్వడం దండగేమీ కాదు.