పాత దస్తావేజు చదవాలంటే ముందు తెలియవలసినవి

తాతల నాటి భూమి దస్తావేజులను తెలుగు బాగా వచ్చినవారు కూడా ఒక్కోసారి చదవలేరు. అవి ఎక్కువగా గొలుసుకట్టు రాతలో ఉంటాయి. కలం ఎత్తకుండా అక్షరాలను కలిపి రాయడం, తలకట్లను వదిలేయడం, పదాల మధ్య ఖాళీ విడవకపోవడం ఈ రాత లక్షణాలు. తలకట్టు పోతే ప, వ, న, స ఒకదానికొకటి దగ్గరవుతాయి. అందువల్ల అక్షరం తరువాత అక్షరం కూడబలుక్కుంటూ వెళితే నాలుగు పంక్తులకే దారి మూసుకుపోతుంది. అనుభవజ్ఞులు ముందు ఆ కాగితం ఏమిటో తేల్చుకుంటారు. చదవడం ఆ తరువాతే.

క్రయ దస్తావేజుకు స్థిరమైన నడక ఉంది. మొదట తేదీ, తరువాత రాయించుకున్నవారు, రాసి ఇచ్చినవారు, అమ్మకానికి కారణం, సొమ్ము, స్వాధీనం, హద్దులు, చివర సాక్షులు, దస్తూరి వస్తాయి. పేర్ల వరుస మారవచ్చు గాని మిగిలిన నడక అంతగా మారదు. నడుమ కొన్ని కట్టుబాటు మాటలు కూడా ఉంటాయి. ‘పుత్ర పౌత్ర పారంపర్యముగా’, ‘దాన వినిమయ విక్రయాదులకు’ వంటివి దాదాపు ప్రతి క్రయ దస్తావేజులోనూ కనిపిస్తాయి. చదవడం ప్రారంభించవలసింది వీటి దగ్గరే. అక్కడ ఏ మాట ఉందో ముందే తెలుసు కనుక, ఆ లేఖకుడు ‘ప’ను ఎలా తిప్పాడో, ‘త్ర’ను ఎలా దించాడో అందులోనే కనిపెట్టవచ్చు. అలా గుర్తించిన అక్షరాలను విడిగా ఒక కాగితంపై దించుకుని, వాటి సాయంతో ఊరి పేరు, మనుషుల పేర్ల దగ్గరకు వెళ్లాలి.

ఉదాహరణకు ఒక దస్తావేజులో సంవత్సరం చివరి అంకె 1 అవునో 7 అవునో తేలలేదనుకుందాం. అది 1931 కావచ్చు, 1937 కావచ్చు. పక్కనే సంవత్సరం పేరు ‘ప్ర’తో మొదలై ‘త్తి’తో ముగుస్తోంది. అరవై పేర్లలో అలా ఉన్నది ప్రజోత్పత్తి ఒక్కటే. అది 1931 ఉగాదితో మొదలైంది. 1937 ఉగాదితో మొదలైనది ఈశ్వర. మాసం కార్తికమని చదవగలిగితే తేదీ 1931 శీతకాలానిదని తేలిపోతుంది. అదే మాఘమైతే ప్రజోత్పత్తే అయినా ఇంగ్లిషు సంవత్సరం 1932 అవుతుంది.

సొమ్ము విషయంలోనూ ఇదే పద్ధతి. అంకెల్లో 115, 175 అని రెండు విధాలా కనిపిస్తే, అక్షరాల్లో రాసిన మొత్తాన్ని చూడాలి. ‘డెబ్బయి’లో బ వత్తు పంక్తి కిందికి దిగుతుంది. ‘పదిహేను’లో వత్తే లేదు. సిరా చెదిరి అక్షరాలు పోయినా, కింద వత్తు జాడ మిగిలితే చాలు.

చిక్కంతా హద్దుల దగ్గర వస్తుంది. తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం అన్న క్రమం సాధారణం కనుక దిక్కుల పేర్లు సులభంగానే దొరుకుతాయి. వాటి ఎదురుగా ఉన్న మాటలు మాత్రం ఆ ప్రాంతపు వ్యవసాయానివి. కోస్తాలో బండ్ల దారిని పుంత అని, డొంక అని, చిన్న నీటికాలువను బోదె అని అంటారు. ఈ మాటలు ఎరుగని నగరవాసి ‘పుంత’ను ‘సొంత’ అని చదివితే, ఊరందరి దారి కాస్తా అమ్మినవాడి సొంత భూమి అయిపోతుంది. ‘సొంత’ అయితే దాని వెంట చేను, భూమి, దొడ్డి వంటి మాట ఒకటి ఉండాలి. ఏమీ లేకుండా హద్దు అక్కడే ముగిస్తే అది పుంత అయ్యే అవకాశమే ఎక్కువ. సర్వే పటంలో ఆ పక్క దారి ఉందో లేదో చూసుకున్నాకే దానిని ఖాయం చేయాలి.

ముందే తెలిసిన మాట కన్నును మోసగించడం కూడా ఉంది. క్రయమని నమ్మి చదివేవారికి ప్రతి పంక్తీ క్రయంలాగే కనిపిస్తుంది. స్వాధీన తనఖాలోనూ భూమిని అప్పగించినట్లే రాస్తారు. కనుక వాయిదా, వడ్డీ, తీర్చడం వంటి మాటలు ఎక్కడైనా తగిలితే పత్రం రకాన్నే మళ్లీ మొదటి నుంచి ప్రశ్నించుకోవాలి. కట్టుబాటు మాటలను సందర్భం పూరించగలదు గాని, పొరుగు రైతు ఇంటిపేరును, సర్వే నంబరును అది చెప్పలేదు. వాటిని ఊహించి రాయకూడదు. తేలని అక్షరానికి చుక్క, అనుమానమున్న మాటకు ప్రశ్నార్థకం పెట్టి ఉంచడమే సరైన పద్ధతి. రెండో మనిషి చేత చదివించేటప్పుడు పత్రం రకం, ఊరు చెప్పవచ్చు. మొదటివారు పేర్లను ఎలా చదివారో మాత్రం చెప్పకూడదు. చెబితే ఆ కన్ను కూడా అదే చూస్తుంది.

దస్తావేజు రిజిస్టరయినదైతే సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలోని పుస్తకంలో దాని నకలు ఉంటుంది. ఆ రోజుల్లో దానిని వేరొక గుమాస్తా చేతితో ఎత్తిరాసేవారు. అసలులో గొలుసుకట్టుగా ఉన్న మాట నకలులో విడివిడిగా దొరకవచ్చు. అయితే ఆ గుమాస్తా కూడా అసలును చదివే రాశాడు. రెండింటిలో సర్వే నంబరు వేరుగా ఉంటే, అదే భూమికి ముందూ వెనుకా జరిగిన దస్తావేజులను తెప్పించి పోల్చవలసి ఉంటుంది.