డగ్లస్ రేఖ: రెక్టస్ కండరపు ఒరలో మారే అమరిక - చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

మానవ ఉదరపు ముందు గోడను లోపలి వైపు నుంచి పరిశీలిస్తే, నాభికీ జఘనాస్థికీ నడుమ సుమారు సగం దూరంలో కిందికి తెరుచుకున్న విల్లు వంటి ఒక అంచు కనిపిస్తుంది. నేటి శరీరనిర్మాణ గ్రంథాలు దీనిని ఆర్క్యుయేట్ రేఖ అంటాయి. వ్యక్తుల పేర్లను శాస్త్ర పరిభాష నుంచి తొలగించాలని 1955లో పారిస్ పరిభాషా సంఘం నిర్ణయించడానికి ముందు ఇది డగ్లస్ రేఖగానే ప్రసిద్ధం. శస్త్రచికిత్సకుల వాడుకలో ఆ పేరు ఇంకా వినిపిస్తూనే ఉంది. ఈ రేఖకు పైన ఒక అమరిక, కింద మరొక అమరిక ఎందుకున్నాయన్న ప్రశ్నకు కాలక్రమంలో వచ్చిన సమాధానాలను, వాటి బలాబలాలను పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

గోడ పొరలు, కండరపు ఒర

చర్మం, దాని కింది కొవ్వు, పీచు పొరలు దాటిన తరువాత ఉదరం పక్కభాగంలో మూడు పలుచని కండరాలు ఒకదానిపై ఒకటి పరుచుకొని ఉంటాయి. వెలుపలిదైన ఎక్స్‌టర్నల్ ఆబ్లిక్ పోగులు కిందికీ మధ్యకూ ఏటవాలుగా దిగుతాయి. దాని లోపలి ఇంటర్నల్ ఆబ్లిక్ పోగులు ఎక్కువ భాగం అందుకు అడ్డంగా పైకి సాగుతాయి. అన్నిటికన్నా లోపలిదైన ట్రాన్స్‌వర్సస్ పోగులు దాదాపు అడ్డంగా నడుస్తాయి. వాటి వెనుక ట్రాన్స్‌వర్సాలిస్ ఫేసియా అనే పలుచని పొర, తరువాత కొంత కొవ్వు, చివరగా పేగులను ఆవరించే పెరిటోనియం ఉంటాయి.

ఉదరం మధ్యకు వచ్చేసరికి ఈ మూడు కండరాల మాంసం ముగిసి, తెల్లని, గట్టి స్నాయుపత్రాలుగా మారుతుంది. మధ్యరేఖకు ఇరువైపులా నిలువుగా సాగే రెక్టస్ కండరానికి ఈ పత్రాలే కత్తికి ఒరలా కవచమవుతాయి. నాభి ఎత్తులో ఇంటర్నల్ ఆబ్లిక్ పత్రం రెండుగా చీలుతుంది. ముందు చీలిక ఎక్స్‌టర్నల్ ఆబ్లిక్‌తో కలిసి ఒరకు ముందు గోడ అవుతుంది. వెనుక చీలిక ట్రాన్స్‌వర్సస్‌తో కలిసి వెనుక గోడ అవుతుంది. ఆర్క్యుయేట్ రేఖ దాటాక మూడు పత్రాలూ రెక్టస్‌కు ముందుకే వస్తాయి. అక్కడ కండరం వెనుక మిగిలేది ట్రాన్స్‌వర్సాలిస్ ఫేసియా, కొవ్వు, పెరిటోనియం మాత్రమే. పాఠ్యపుస్తకాల వర్ణన ఇంతవరకే సాగి, ఈ మార్పును తెగిన గీతలా చూపి ముగుస్తుంది.

రాయి, మూత్రాశయం, డగ్లస్ సోదరులు

ఈ రేఖకు పేరు రావడానికి కారణం కండరాలపై జిజ్ఞాస కాదు, మూత్రాశయంలోని రాయి. ప్రాచీన కాలం నుంచి ఆ రాయిని మలద్వారానికి ముందు భాగంలో కోసి తీసేవారు. సుశ్రుత సంహిత వర్ణించిన పద్ధతీ, రోమన్ రచయిత సెల్సస్ వర్ణించిన పద్ధతీ ఈ మార్గానివే. పొట్ట వైపు నుంచి కోస్తే పెరిటోనియం తెగి పేగులు బయటపడతాయన్నది వైద్యుల భయం. 16వ శతాబ్దంలో ఫ్రాన్స్‌కు చెందిన పియేర్ ఫ్రాంకో ఒక చిన్నపిల్లవాడికి కింది మార్గంలో రాయి రాకపోవడంతో జఘనాస్థికి పైన కోసి తీశారు. పిల్లవాడు బతికాడు. అయినా ఇతరులు ఆ పని చేయవద్దనే ఫ్రాంకో హెచ్చరించారు. 1581లో ఫ్రాంస్వా రూసే మూత్రాశయాన్ని ద్రవంతో నింపి పైనుంచి కోయవచ్చని సూచించారు.

లండన్ శస్త్రవైద్యుడు జాన్ డగ్లస్ 1719లో ఈ పై మార్గాన్ని అనుసరించి, మరుసటి ఏడాది దానిపై గ్రంథం ప్రకటించారు. మూత్రాశయం నిండితే అది జఘనాస్థి వెనుక నుంచి పైకి లేచి, తనతోపాటు పెరిటోనియం మడతను కూడా పైకి నెడుతుంది. అప్పుడు ఎముక అంచుకు కొంచెం పైన కోస్తే కత్తి పెరిటోనియాన్ని తాకకుండానే మూత్రాశయాన్ని చేరుతుంది. ఉపాయం దీనిపైనే ఆధారపడింది. విలియం చెసెల్డెన్ కూడా 1723లో దీనిపై రాశారు. కానీ కొద్ది సంవత్సరాలలోనే పక్కమార్గపు శస్త్రచికిత్సకు మళ్లారు. పైమార్గంలో పెరిటోనియం తెగే ప్రమాదం పూర్తిగా తొలగలేదు.

జాన్ అన్నగారైన జేమ్స్ డగ్లస్ (1675-1742) వైద్యుడు, శరీరనిర్మాణ పరిశోధకుడు. 1730లో ఆయన పెరిటోనియంపై ప్రత్యేక గ్రంథం ప్రచురించారు. పెరిటోనియం రెండు పొరలదని, కొన్ని అవయవాలు ఆ పొరల నడుమ ఉంటాయని అంతకుముందు పలువురు నమ్మేవారు. పెరిటోనియం ఒకే పొర అని, దాని వెలుపల ఉన్నది వేరొక కణజాలమని డగ్లస్ చూపారు. ఏ అవయవం ఏ పొరకు ఏ వైపున ఉందో గుర్తించడం ఆ గ్రంథంలో ప్రధానాంశం. మూత్రాశయాన్ని చేరడానికి పెరిటోనియాన్ని దాటనక్కరలేదన్న విషయానికి ఇదే నిర్మాణపరమైన ఆధారం. రెక్టస్ వెనుక గట్టి గోడ ముగిసే అంచుకు తరువాతి తరాలు ఆయన పేరు పెట్టడంలో ఔచిత్యం ఉంది.

కారణాల అన్వేషణ

ప్రశ్న మూత్రాశయం దగ్గర పుట్టింది గనుక తొలి సమాధానమూ అక్కడినుంచే వచ్చింది. 19వ శతాబ్దం మధ్యకాలంలో స్వీడన్‌కు చెందిన ఆండర్స్ రెట్జియస్ మూత్రాశయానికి ముందున్న వదులైన ఖాళీని వర్ణించారు. నిండిన మూత్రాశయం ఆ ఖాళీలోకి లేస్తుంది. గట్టి గోడ ఉంటే దానికి అడ్డమవుతుంది గనుక ప్రకృతి అక్కడ గోడను తీసివేసిందన్నది ఈ ఆలోచనాధార. గర్భాశయానికీ ఇదే తర్కాన్ని వర్తింపజేశారు. వినడానికి సమంజసంగా ఉన్నా ఇది ప్రయోజనాన్ని చెబుతుందే గానీ కారణాన్ని చెప్పదు. పైగా గర్భంతో నిమిత్తం లేని పురుషులలోనూ అమరిక అదే.

రెండవ వాదం రక్తనాళానికి సంబంధించినది. తొడ మొదట్లోని పెద్ద ధమని నుంచి పుట్టే ఇన్‌ఫీరియర్ ఎపిగాస్ట్రిక్ ధమని ఫేసియాను చీల్చుకొని, ఈ అంచుకు ముందుగా పైకి సాగి ఒరలో ప్రవేశిస్తుంది. దానికి దారి కోసమే గోడ ఆగిందని కొందరు భావించారు. ఒక నాళానికి చిన్న రంధ్రం చాలు. ఒర ముందు గోడను ఎన్నో నాళాలు, నాడులు అలా రంధ్రాల ద్వారానే దాటుతున్నాయి. ఈ వాదం కారణాన్నీ ఫలితాన్నీ తారుమారు చేసినట్లుంది.

నిటారుగా నిలబడే మనిషికి పొట్ట కింది భాగంలో ఒత్తిడి అధికం గనుక పత్రాలన్నీ ముందుకు చేరాయన్నది మూడవ వాదం. కింది భాగానికి ముందు గోడ బలం అవసరమే. కానీ నాలుగు కాళ్లపై నడిచే కుక్కలోనూ ఒర వెనుక భాగపు చివర మూడు పత్రాలూ రెక్టస్‌కు బయటివైపే వెళతాయి. కాబట్టి నిటారు భంగిమ ఒక్కటే దీనికి మూలం కాజాలదు.

వీటికన్నా కండరాల ఆద్యంతాలను గమనించడం మేలు. పైన రెక్టస్ 5 నుంచి 7వ పక్కటెముకల మృదులాస్థుల బయటి ముఖానికి అతుక్కుంటుంది. ట్రాన్స్‌వర్సస్ కింది పక్కటెముకల మృదులాస్థుల లోపలి ముఖం నుంచి పుడుతుంది. అందువల్ల పై భాగంలో ట్రాన్స్‌వర్సస్ రెక్టస్ వెనుక ఉండక తప్పదు. కింద పరిస్థితి వేరు. ఇంటర్నల్ ఆబ్లిక్, ట్రాన్స్‌వర్సస్ కండరాల కింది పోగులు గజ్జలోని లిగమెంట్ ప్రాంతం నుంచి పుట్టి, వంపు తిరిగి దిగుతూ, రెక్టస్ మొదలుకు ముందువైపుగా జఘనాస్థిని చేరుతాయి. ఒకే పత్రం పైన కండరానికి వెనుక, కింద ముందు ఉండాలంటే ఎక్కడో ఒకచోట వెనుక నుంచి ముందుకు మారక తప్పదు. ఈ రేఖ ఆ మారే చోటు. అది కచ్చితంగా ఇదే ఎత్తులో ఎందుకు జరగాలో ఈ వివరణ చెప్పదు. ఆ ఎత్తు మనిషికీ మనిషికీ మారుతూ ఉండటం దీనికి అనుకూలంగానే ఉంది.

గీత నుంచి పోగుల దాకా

20వ శతాబ్దపు పరిశోధకులు ప్రశ్నను మార్చారు. చెస్టర్ మెక్‌వే, బారీ ఆన్సన్ 1940లో ప్రచురించిన అధ్యయనం పాఠ్యపుస్తక చిత్రం అన్ని శరీరాలకూ సరిపోదని చూపింది. 1980లో రిజ్క్ మూడు పత్రాలలో ప్రతిదీ రెండేసి పొరలదని, వాటి పోగులు మధ్యరేఖ వద్ద ఆగక అవతలి వైపుకు దాటుతాయని ప్రతిపాదించారు. ఆ లెక్కన రేఖకు పైన ముందు మూడు పొరలు, వెనుక మూడు పొరలు. కింద ఆరూ ముందే. 1986లో మంక్‌హౌస్, ఖాలిక్ ఒర నిర్మాణంలోని వైవిధ్యాన్ని నమోదు చేశారు. వెనుక గోడ ఒక్కసారిగా తెగక క్రమంగా పలచబడటం, కొన్ని పోగులు రేఖకు కింద కూడా కొనసాగడం అరుదు కాదు. ‘రేఖ’ అన్న మాటే ఇక్కడ కొంత తప్పుదారి పట్టిస్తుంది. చాలామందిలో అది గీత కాదు, ఒక పట్టీ.

గోడ లేనిచోట రక్తస్రావం

ఈ అమరిక ఫలితం రెక్టస్ ఒరలోని రక్తస్రావంలో స్పష్టమవుతుంది. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడుతున్న ఒక వృద్ధురాలికి కొద్దిరోజులు తీవ్రమైన దగ్గు తరువాత పొత్తికడుపు కుడివైపు హఠాత్తుగా నొప్పి, గడ్డ వచ్చాయనుకోవచ్చు. ఎపిగాస్ట్రిక్ ధమని శాఖ రేఖకు పైన చిట్లితే వెనుక గోడ రక్తాన్ని ఒరలోనే నిలుపుతుంది. నిలువుగా పొడవైన గడ్డ ఏర్పడుతుంది, మధ్యరేఖ దాటదు. రేఖకు కింద చిట్లితే రక్తాన్ని ఆపే గోడ లేదు. అది పెరిటోనియానికి ఆనుకొని దానిని రేపుతుంది. అందువల్ల పొట్ట లోపలి వ్యాధిలా కనిపిస్తుంది. రక్తం మరింత చేరితే రెట్జియస్ వర్ణించిన ఖాళీలోకి జారి, మధ్యరేఖ దాటి, మూత్రాశయాన్ని నొక్కుతుంది.

1926లో జాన్ కార్నెట్ సూచించిన పరీక్ష ఇక్కడ ఉపకరిస్తుంది. రోగి వెల్లకిలా పడుకొని తల ఎత్తితే కండరం బిగుస్తుంది. అప్పుడు వేలితో నొక్కినచోట నొప్పి తగ్గకపోయినా, పెరిగినా వ్యాధి గోడలోనే ఉందని అనుమానించాలి. బిగించినప్పుడూ చేతికి తగులుతూ, మధ్యరేఖ దాటని గడ్డ గోడదేనని చెప్పే ఫాదర్‌గిల్ లక్షణం మాత్రం రేఖకు కింద మోసం చేయవచ్చు. పెద్ద రక్తపు గడ్డ అక్కడ మధ్యరేఖను దాటుతుంది గనుక. అటువంటప్పుడు సీటీ స్కాన్ సందేహం తీరుస్తుంది. చాలామందికి ఆ మందును ఆపి దాని ప్రభావాన్ని విరిచి, అవసరమైతే రక్తం ఎక్కిస్తే చాలు. గుర్తించకపోతే అనవసరంగా పొట్ట తెరిచే ప్రమాదం ఉంది.

గజ్జ హెర్నియాకు పెరిటోనియం తెరవకుండా చేసే దూరదర్శిని శస్త్రచికిత్స ఇదే ఖాళీపై ఆధారపడుతుంది. నాభి దగ్గర ఒర ముందు గోడను తెరిచి, రెక్టస్‌ను పక్కకు తప్పించి, వెనుక గోడపై పరికరాన్ని కిందికి జారుస్తారు. రేఖ దగ్గర ఆ గోడ ముగియగానే దారి దానంతట అదే జఘనాస్థి వెనుకకు, మూత్రాశయం ముందుకు తెరుచుకుంటుంది. వెనుక గోడ పోగులు జఘనాస్థి దాకా సాగిన శరీరాలలో ఆ దారి తెరుచుకోదు. అప్పుడు పెరిటోనియం చిరగకుండా ఆ పొరను పక్కగా కోసి చోటు చేసుకోవలసి వస్తుంది.