రెండు బాణాలు చెప్పేదేమిటి?

2018 వేసవిలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయన్న వదంతి వాట్సాప్‌లో తెలుగు జిల్లాల్లోనూ తిరిగింది. అది ఎక్కడ పుట్టిందో ఎవరికీ తెలియదు. కానీ మన ఫోన్‌కి పంపింది మాత్రం బావమరిదో, ఊరి మాస్టారో. మాస్టారు పంపారు కాబట్టి మాస్టారి మాటే అనుకున్నారు జనం. ఆ ఏడాది జూలై 1న మహారాష్ట్రలోని ధూలే జిల్లా రైన్‌పాడలో ఇలాంటి అనుమానంతోనే ఐదుగురిని కొట్టి చంపేశారు. కేంద్ర ఐటీ శాఖ వాట్సాప్‌ను గట్టిగా నిలదీసింది. జూలై 10న మెసేజ్ పైన చిన్న బాణం గుర్తుతో "Forwarded" అనే మాట వచ్చింది. ఇది పంపినవారు రాసింది కాదు, వేరే ఎవరో రాసింది అని దాని అర్థం.

ఆ ఒక్క మాట సరిపోలేదు. మూడు రోజులకే బీదర్ జిల్లా ముర్కి దగ్గర హైదరాబాద్ నుంచి వెళ్లిన యువకులు పిల్లలకు చాక్లెట్లు ఇచ్చారని జనం మీదపడ్డారు. ఒకరు చనిపోయారు. ఆ నెలలోనే వాట్సాప్ భారతదేశంలో ఒకసారికి ఐదు చాట్లకు మించి ఫార్వర్డ్ చేయనివ్వబోమని ప్రకటించింది. మిగతా దేశాలకు అప్పుడు ఇరవై. 2019 జనవరికి ప్రపంచమంతటికీ ఐదే అయింది. ఆ ఆగస్టులో రెండు బాణాల గుర్తు వచ్చింది.

ఈ రెండు బాణాలనే చాలామంది తప్పుగా చదువుతున్నారు. మెసేజ్ మొత్తం ఎంతమందికి చేరిందో అవి చెప్పవు. మన చేతికి వచ్చిన ప్రతి, మొదట పంపిన మనిషి నుంచి ఎన్ని చేతులు మారిందో మాత్రమే చెబుతాయి. ఐదు లేదా అంతకంటే ఎక్కువసార్లు ఫార్వర్డ్ అయివుంటే రెండు బాణాలు కనిపిస్తాయి.

మన తీరంలోనే ఒక ఉదాహరణ ఉంది. 2022 మే నెలలో అసని తుపాను రోజుల్లో శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలం సున్నాపల్లి ఒడ్డుకు బంగారు రంగు మందిరంలాంటి రథమొకటి కొట్టుకొచ్చింది. వేరే దేశం నుంచి వచ్చివుంటుందని పోలీసులు అన్నారు. ఫోన్లలో మాత్రం ‘బంగారు రథం’ అయిపోయి దేశమంతా తిరిగింది. ఆ వీడియో ప్రయాణాన్ని ఊహించి చూద్దాం. ఒడ్డున తీసినాయన టెక్కలిలో ఉన్న తమ్ముడికి పంపాడు. ఇంకా ఫార్వర్డ్ కాలేదు, లెక్క సున్నా. తమ్ముడు శ్రీకాకుళానికి పంపితే ఒకటి, అక్కడి నుంచి విజయనగరానికి రెండు, విశాఖకు మూడు, హైదరాబాద్‌కు నాలుగు. హైదరాబాద్ నుంచి గుజరాత్‌లోని వెరావల్ రేవులో చేపలవేటకు వెళ్లిన సున్నాపల్లి కుర్రాడికి చేరేసరికి ఐదు. అతని ఫోన్‌లో రెండు బాణాలు. అదే వీడియోను ఒడ్డున తీసినాయనే అతనికి నేరుగా పంపివుంటే బాణమే ఉండదు. ఒకే ఫోన్‌లో ఒకే వీడియో, రెండు రకాలుగా కనబడుతుంది. వీడియో నిజమా కాదా అన్నదానితో దానికి సంబంధమే లేదు.

తమ్ముడు ఒక్కడే రోజంతా కూర్చుని నూరు చాట్లకు పంపినా, అందుకున్న ప్రతి ఒక్కరికీ లెక్క ఒకటే. ఆ అంకె మెసేజ్‌తోపాటు తాళం వేసిన మూటలోనే ప్రయాణిస్తుంది. కంపెనీ సర్వర్ దాన్ని చదవలేదు, మూట విప్పే ఫోనే చూసి బాణాలు వేస్తుంది. అందుకే మొత్తం ప్రతులెన్నో యాప్ మనకు చెప్పలేదు.

ఐదు చాట్ల పరిమితి ఉన్నా, అందరూ ఐదేసి చాట్లకు పంపుతూ పోతే ఐదో అంచెకు 3,125 చాట్లు అవుతాయి. అందుకే కరోనా వదంతులు చెలరేగిన 2020 ఏప్రిల్‌లో రెండు బాణాల మెసేజ్‌ను ఒకసారికి ఒక్క చాట్‌కే పంపేలా కట్టడి చేశారు. అలాంటి మెసేజ్‌ల ఫార్వర్డులు 70 శాతం తగ్గాయని కంపెనీ తర్వాత చెప్పింది. 2022లో ఒంటి బాణం ఉన్నవాటికీ మరో కట్టు పడింది: ఒకసారికి ఒక్క గ్రూపుకే. ఇవన్నీ పంపడాన్ని ఆలస్యం చేస్తాయే తప్ప ఆపవు. ఓపికున్నవాడు ఒక్కొక్కరికీ విడిగా పంపుకోవచ్చు.

అసలు లొసుగు మరొకటి. మాటల్ని కాపీ చేసి అతికించినా, స్క్రీన్‌షాట్ తీసినా, గ్యాలరీలోంచి వీడియోను కొత్తగా పంపినా లెక్క మళ్లీ సున్నా. బాణం లేనంతమాత్రాన పంపినవారి సొంతమాట అనుకోకూడదు. పోల్చుకునే గుర్తులు కొన్ని ఉన్నాయి. ఫార్వర్డ్ చేస్తే అదే ఫైలు కదులుతుంది కాబట్టి వీడియో నాణ్యత తగ్గదు. గ్యాలరీలోంచి పంపితే యాప్ సాధారణంగా దాన్ని మళ్లీ కుదిస్తుంది. బొమ్మ మసకబారి, అంచులు చెదిరి, బాణం మాత్రం లేకుండా వస్తే అది చాలా చేతులు మారిందని అనుమానించాలి. అత్తగారు పంపిన పొడుగాటి మెసేజ్ చివర ‘అన్ని గ్రూపులకూ పంపండి’ అని ఉండి పైన బాణం లేకపోతే, ఆవిడకు ఫోన్ చేసి ఎక్కడ కాపీ చేశారో అడగాలి.