7 శాతం వడ్డీ పెద్దదా, 4 శాతం పెద్దదా? డబ్బు లెక్కల్లో తొందర ఆలోచన చేసే పొరపాటు

ఒక పుస్తకం, ఒక పెన్ను కలిపి 110 రూపాయలు. పుస్తకం ధర పెన్ను కంటే 100 రూపాయలు ఎక్కువ. మరి పెన్ను ధర ఎంత?

చాలామందికి టక్కున తోచే జవాబు 10. కానీ పెన్ను 10 అయితే పుస్తకం 110, రెండూ కలిపి 120 అయిపోతాయి. సరైన జవాబు 5. షేన్ ఫ్రెడరిక్ అనే పరిశోధకుడు 2005లో బ్యాటు, బంతి పేరుతో ఇచ్చిన లెక్క ఇది. ఇక్కడ పొరపాటు లెక్క రాకపోవడం వల్ల జరగదు. మొదట తోచిన జవాబును సరిచూసుకోకపోవడం వల్ల జరుగుతుంది.

రెండు రకాల ఆలోచన

2002లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ అందుకున్న మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానెమన్ ఈ తేడాను అందరికీ అర్థమయ్యేలా వివరించారు. మొదటిది వేగపు ఆలోచన. మనిషి ముఖం చూడగానే కోపంగా ఉన్నాడని పసిగట్టేది ఇదే. రెండోది నిదానపు ఆలోచన. 17ను 24తో గుణించమంటే మెల్లగా కదిలేది ఇది. దీనికి శ్రమ కావాలి కాబట్టి, వేగపు ఆలోచన చెప్పినదాన్నే తరచూ ఒప్పేసుకుంటుంది.

వేగపు ఆలోచనకు ఒక అలవాటు ఉంది. అడిగిన ప్రశ్న కష్టమైతే, దాని పక్కనున్న తేలిక ప్రశ్నకు జవాబు చెప్పేస్తుంది. ప్రశ్న మారిపోయిన సంగతి మనకు తెలియదు.

'ఫీజు లేదు' అన్నప్పుడు

ఇంటికి 1,000 డాలర్లు పంపాలి. ఒకచోట ఫీజు లేదు, డాలరుకు 82.10 రూపాయలు ఇస్తారు. ఇంకోచోట ఫీజు 5 డాలర్లు, రేటు 83 రూపాయలు. మొదటిచోట 82,100 రూపాయలు చేరతాయి. రెండోచోట 995 డాలర్లకు 82,585 చేరతాయి. అసలు ప్రశ్న "అమ్మానాన్నల ఖాతాలో ఎంత పడుతుంది?" అని. మనం జవాబు చెప్పుకున్నది "ఫీజు ఎంత?" అనే ప్రశ్నకు.

డిపాజిట్ విషయంలో

ఇదే పొరపాటు పెద్ద మొత్తాల్లో ఇంకా బాగా దాక్కుంటుంది. ఇండియాలో ఎన్ఆర్ఈ డిపాజిట్‌కు 7 శాతం, ఇక్కడి బ్యాంకులో 4 శాతం అనుకుందాం. ఏడు పెద్దదని వెంటనే అనిపిస్తుంది. కానీ ఒకటి రూపాయల్లో పెరిగే శాతం, మరొకటి డాలర్లలో పెరిగేది.

2014 జనవరిలో డాలరు సుమారు 62 రూపాయలు ఉండేది. అప్పుడు 10,000 డాలర్లు పంపితే 6,20,000 రూపాయలయ్యేవి. ఏటా 7 శాతం వడ్డీ అసలులో కలుస్తూ పోతే పదేళ్లకు సుమారు 12,19,600. దాదాపు రెట్టింపు! కానీ 2024 జనవరికి డాలరు సుమారు 83కు చేరింది. ఆ డబ్బును తిరిగి మార్చుకుంటే వచ్చేది దాదాపు 14,700 డాలర్లు. అదే 10,000 డాలర్లు 4 శాతం చొప్పున పదేళ్లుంటే సుమారు 14,800. మూడు శాతం లాభం అనుకున్నది రూపాయి తగ్గుదలలోనే కరిగిపోయింది.

పన్ను ఇంకా లెక్కలోకి రాలేదు. ఎన్ఆర్ఈ వడ్డీపై ఇండియాలో పన్ను లేకపోయినా, అమెరికాలో పన్ను పరంగా నివాసి అయినవారు ఆ వడ్డీని అక్కడి ఆదాయంలో చూపించాలి. గల్ఫ్‌లో ఉన్నవారికి ఆ బాధ లేకపోయినా, యూఏఈ దిర్హమ్, సౌదీ రియాల్ డాలరుకు ముడిపడి ఉన్నాయి కాబట్టి రూపాయి తగ్గుదల లెక్క వారికీ అదే.

ఎలా పట్టుకోవాలి?

ప్రశ్న మారిపోయిందనడానికి ఒక గుర్తు ఉంది. పోల్చే రెండు అంకెలు వేర్వేరు కరెన్సీల్లో ఉన్నా, రెండింటిలో ఒకదాని ఖర్చు ఫీజులో, ఇంకోదాని ఖర్చు రేటులో ఉన్నా అక్కడ ఆగాలి. తర్వాత కాగితం మీద ఒకే వాక్యం రాసుకోవాలి: "ఈ డబ్బు చివరికి ఎక్కడ, ఏ కరెన్సీలో ఖర్చవుతుంది?" రెండు దారులనూ ఆ కరెన్సీలోకే తెచ్చి, చివరికి చేతికొచ్చే మొత్తాలను పోల్చాలి.

జవాబు ప్రతిసారీ డాలరు వైపే ఉండదు. ఆ డబ్బు ఊళ్లో ఇంటికో, పెద్దవాళ్ల వైద్యానికో రూపాయల్లోనే ఖర్చయ్యేదైతే, పై లెక్కలో పదేళ్ల తర్వాత రూపాయల్లో చూసినా రెండూ దాదాపు సమానమే. 14,800 డాలర్లను 83తో గుణిస్తే 12,28,400 వస్తుంది. అయితే ఆ పదేళ్లలో రూపాయి ఎంత తగ్గిందో మనకు ఇప్పుడు తెలుసు, రాబోయే పదేళ్లది తెలియదు. రూపాయల్లో తప్పనిసరి ఖర్చు ఉన్నవారికి, రూపాయల్లో దాచుకుంటే కనీసం ఆ అనిశ్చితి ఉండదు. అనుకూలం ఏదైనా కావచ్చు. ఏడుని నాలుగు పక్కన పెట్టి చూడడం మాత్రం పోలిక కాదు.