గ్లాసు పాల లెక్క: టోన్డ్, డబుల్ టోన్డ్, ఫుల్ క్రీమ్

పాల ప్యాకెట్ మీద ఉండే టోన్డ్, డబుల్ టోన్డ్, ఫుల్ క్రీమ్ అనే పేర్లు ముఖ్యంగా వెన్న శాతాన్ని చెబుతాయి. ఊళ్లో పాల కేంద్రానికి పాలు పోసే రైతుకు ఈ మాట కొత్త కాదు. ఆయనకు డబ్బు వచ్చేదే వెన్న శాతాన్ని, ఎస్‌ఎన్‌ఎఫ్‌ను బట్టి. ఎస్‌ఎన్‌ఎఫ్ అంటే పాలలోంచి నీళ్లనూ వెన్ననూ తీసేస్తే మిగిలేది: మాంసకృత్తులు, పాలచక్కెర, కాల్షియం వంటి ఖనిజాలు. పట్నంలో ప్యాకెట్ కొనేవాళ్లు ధర చూస్తారు, రంగు చూస్తారు, ఈ రెండు అంకెలు మాత్రం చూడరు. ప్యాకెట్ రంగును నమ్ముకోవడం అంత మంచిది కాదు. ఒక డెయిరీలో టోన్డ్ పాలకున్న రంగు మరో డెయిరీలో ఇంకో రకానికి ఉండొచ్చు.

దేశమంతటికీ ప్రమాణాలు పెట్టేది ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ. దాని లెక్క ప్రకారం టోన్డ్ పాలలో వెన్న కనీసం 3 శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ 8.5 శాతం ఉండాలి. డబుల్ టోన్డ్‌లో వెన్న 1.5 శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ 9 శాతం. ఫుల్ క్రీమ్‌లో వెన్న 6 శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ 9 శాతం. వెన్న 1.5 నుంచి 6 దాకా పోతుంటే రెండో అంకె ఎనిమిదిన్నర, తొమ్మిది మధ్య నుంచి కదలడం లేదు. మిగతా లెక్కంతా ఈ తేడాలోంచే పుడుతుంది.

200 మిల్లీలీటర్ల గ్లాసు తీసుకుందాం. పాలు నీళ్లకన్నా కాస్త బరువు కాబట్టి ఆ గ్లాసులోవి సుమారు 206 గ్రాములు తూగుతాయి. ఎస్‌ఎన్‌ఎఫ్‌లో మూడో వంతుకు కొంచెం పైగా మాంసకృత్తులు, సగానికి పైగా పాలచక్కెర ఉంటాయి. గ్రాము కొవ్వుకు 9 కేలరీలు, గ్రాము మాంసకృత్తులకు గానీ చక్కెరకు గానీ 4 కేలరీలు అని గుణిస్తే చాలు. టోన్డ్ గ్లాసులో 6 గ్రాముల కొవ్వు, ఆరున్నర గ్రాముల మాంసకృత్తులు, సుమారు 120 కేలరీలు వస్తాయి. డబుల్ టోన్డ్‌లో కొవ్వు 3 గ్రాములకు, కేలరీలు 96కు దిగుతాయి. ఫుల్ క్రీమ్‌లో కొవ్వు 12 గ్రాములు దాటుతుంది, కేలరీలు 180కి చేరతాయి. ఈ రెండు రకాల్లోనూ మాంసకృత్తులు ఏడు గ్రాములకు కాస్త తక్కువ. ఇవి కనీస ప్రమాణాల మీద వేసిన లెక్కలు గనుక ఏదో ఒక ప్యాకెట్ మీద అంకెలు కొద్దిగా అటూ ఇటూ ఉంటాయి. ప్యాకెట్ వెనక పట్టికలో 100 మిల్లీలీటర్లకు ఇచ్చిన అంకెలను రెట్టింపు చేస్తే సరిపోతుంది.

అంటే, కండ పెరగాలని, పిల్లాడికి బలమని చిక్కటి పాలు కొనేవాళ్లు అదనంగా కొంటున్నది కొవ్వునే. మాంసకృత్తులు మూడు గ్లాసుల్లోనూ దాదాపు ఒక్కటే. కాల్షియం సంగతీ అంతే, ఎందుకంటే అది వెన్నలో ఉండదు, వెన్న తీసిన పాలలోనే ఉండిపోతుంది.

వెన్న సగానికి సగం తగ్గినా మిగతాది తగ్గకపోవడానికి ఈ పాలు పుట్టిన తీరే కారణం. 1940ల బొంబాయిలో జనానికి పాలు చాలేవి కావు, ఉన్న గేదె పాల ధర పేదలకు అందేది కాదు. అక్కడి పాల సరఫరాను నడిపిన దారా ఖురోడీ ఒక ఉపాయం పట్టారు. గేదె పాలలో వెన్న అవసరానికి మించి ఉంది కాబట్టి, వాటిలో నీళ్లూ వెన్న తీసిన పాలపొడీ కలిపితే పరిమాణం పెరుగుతుంది, మాంసకృత్తులు పడిపోవు. ఆ పాలకే టోన్డ్ అని పేరు వచ్చింది. ఈయనే 1963లో వర్గీస్ కురియన్, త్రిభువన్‌దాస్ పటేల్‌లతో కలిసి మెగసెసే పురస్కారం అందుకున్నారు.

ఆ ఉపాయం ఎలా పనిచేస్తుందో ఒక కిలో పాలతో చూడొచ్చు. గుంటూరు, కృష్ణా జిల్లాల ముర్రా గేదె పాలలో 7 శాతం వెన్న ఉండటం మామూలే. ఎస్‌ఎన్‌ఎఫ్ 9 శాతం అనుకుందాం. కిలో పాలలో 70 గ్రాముల వెన్న ఉంది. దాన్ని 3 శాతానికి పలచబరిస్తే మొత్తం 2.33 కిలోల టోన్డ్ పాలు కావాలి. అందులో ఎస్‌ఎన్‌ఎఫ్ 8.5 శాతం అంటే 198 గ్రాములు. పాలలో ఇప్పటికే ఉన్నది 90 గ్రాములే. తక్కువ పడిన 108 గ్రాములు పాలపొడి నుంచి రావాలి. పొడిలో కొంచెం తేమ ఉంటుంది కాబట్టి 113 గ్రాముల పొడి, ఒక కిలో 220 గ్రాముల నీళ్లు కలిపితే లెక్క సరిపోతుంది. ఇప్పటి డెయిరీలు పొడి కలపకుండానే, యంత్రంతో క్రీమ్ వేరు చేసి, కావలసినంత వెనక్కి కలిపి కూడా ఇదే పని చేస్తాయి. తీసిన క్రీమ్ వెన్నగా, నెయ్యిగా అమ్ముడవుతుంది.

టోన్డ్ పాలంటే నీళ్లపాలు అనే మాట ఇళ్లలో గట్టిగా పాతుకుపోయింది. నీళ్లపాలు నిజంగా తయారయ్యేది మన వంటింట్లోనే. ఫుల్ క్రీమ్ ప్యాకెట్ తెచ్చి, చిక్కగా ఉన్నాయని సగానికి సగం నీళ్లు పోస్తారు. అప్పుడు గ్లాసులో కొవ్వు 6 గ్రాములకు వస్తుంది, అది టోన్డ్ పాలతో సమానమే. మాంసకృత్తులు మాత్రం మూడున్నర గ్రాములకు పడిపోతాయి, కాల్షియమూ సగమవుతుంది. కేలరీలు 90. వెన్న తగ్గించుకోవాలనుకుంటే టోన్డ్ ప్యాకెట్ కొనడం మేలు. నీళ్లు కలిపితే వెన్నతో పాటు అన్నీ తగ్గుతాయి.

ఇంకో పొరపాటు షుగర్ ఉన్నవాళ్ల ఇళ్లలో కనిపిస్తుంది. డబుల్ టోన్డ్‌కు మారితే చక్కెర కూడా తగ్గినట్టేనని అనుకుంటారు. పాలచక్కెర గ్లాసుకు సుమారు 10 గ్రాములు, మూడింటిలోనూ అంతే. చెప్పాలంటే ఎస్‌ఎన్‌ఎఫ్ ఎక్కువ ఉన్న డబుల్ టోన్డ్‌లో టోన్డ్ కన్నా వీసమెత్తు ఎక్కువే. బరువు తగ్గడానికో, గుండె కోసమో కొవ్వు తగ్గించుకుంటే అది వేరే లాభం. పాలకొవ్వులో దాదాపు మూడింట రెండు వంతులు సంతృప్త కొవ్వు. ఒక ఫుల్ క్రీమ్ గ్లాసుతో అది 8 గ్రాముల దాకా వస్తుంది, డబుల్ టోన్డ్ గ్లాసుతో 2 గ్రాములు. రోజుకు 2000 కేలరీలు తినే మనిషికి ప్రపంచ ఆరోగ్య సంస్థ సంతృప్త కొవ్వుకు పెట్టిన హద్దు 22 గ్రాములు. రోజుకు రెండు గ్లాసుల ఫుల్ క్రీమ్ తాగే ఇంట్లో కూర పోపులో నూనె పడకముందే అందులో ఎక్కువ భాగం అయిపోతుంది.

ఇదంతా పంచదార వెయ్యని పాల లెక్క. ఒక చెంచా పంచదార 5 గ్రాములు, 20 కేలరీలు. డబుల్ టోన్డ్ పాలు చప్పగా ఉన్నాయని నాలుగు చెంచాలు వేసుకుంటే ఆ గ్లాసు 176 కేలరీలకు చేరి, ఉత్త ఫుల్ క్రీమ్ గ్లాసు పక్కన నిలబడుతుంది. నోటికి కమ్మదనం ఇచ్చేది వెన్నే, అది తీసేసిన చోటును నాలుక తీపితో నింపుకోవాలని చూస్తుంది. ఫిల్టర్ కాఫీ ప్రియులు డబుల్ టోన్డ్‌ను దగ్గరికి రానివ్వకపోవడానికి కారణం అదే, వాళ్లను తప్పు పట్టలేం.

వెన్నతో పాటు పోయేవి మరో రెండున్నాయి: ఎ, డి విటమిన్లు. అవి కొవ్వులో కరిగి ఉంటాయి, క్రీమ్ తీస్తే దాంతోనే వెళ్లిపోతాయి. అందుకే టోన్డ్, డబుల్ టోన్డ్ పాలలో చాలా డెయిరీలు వాటిని తిరిగి కలుపుతున్నాయి. కలిపిన ప్యాకెట్ మీద +F అనే గుర్తు ఉంటుంది. తక్కువ వెన్న పాలు కొనేవాళ్లు రంగు కన్నా ఆ గుర్తును వెతకడం మంచిది. ఏడాది నుంచి రెండేళ్ల లోపు పిల్లలకు మాత్రం, డాక్టరు ప్రత్యేకంగా చెబితే తప్ప, వెన్న తగ్గించిన పాలు పనికిరావు. ఆ వయసులో మెదడు పెరుగుదలకు కొవ్వు కావాలి, చిన్న పొట్టలో పట్టే కాస్త పాలలోనే శక్తి ఎక్కువ అందాలి. ఏడాది నిండని పసిబిడ్డలకైతే తల్లిపాల బదులు ప్యాకెట్ పాలు ఏవీ తగవు.

మరి ఫుల్ క్రీమ్ కొని, కాచి, మీగడ తీసేసే ఇళ్ల సంగతి? తెలుగు ఇళ్లలో ఇది బాగా ఉన్న పద్ధతి. మిగిలిన పాలలో వెన్న ఎంతో ప్యాకెట్ చెప్పదు. నెయ్యి చెబుతుంది. లీటరు ఫుల్ క్రీమ్‌లో 62 గ్రాముల దాకా వెన్న ఉంటుంది కదా, రోజుకో లీటరు చొప్పున వారానికి ఏడు లీటర్లలో సుమారు 430 గ్రాములు. వారమంతా గిన్నెలో దాచిన మీగడను తోడేసి, చిలికి, వెన్న కాస్తే 200 గ్రాముల నెయ్యి దిగిందనుకుందాం. అప్పుడు పాలలో మిగిలింది 230 గ్రాములు, లీటరుకు 33. అంటే ఆ ఇంట్లో వారమంతా తాగినవి సుమారు 3.2 శాతం పాలు, కాస్త అటూ ఇటూగా టోన్డ్ పాలే. మజ్జిగలో పోయిన కొంచెం వెన్నను ఇక్కడ లెక్కపెట్టలేదు. ఇది హోమోజినైజ్ చేయని పాలకు బాగా కుదురుతుంది. ఆ మాట ప్యాకెట్ మీద ఉంటే వెన్న కణాలను యంత్రం చితక్కొట్టి పాలంతా కలిపేసిందని అర్థం. వాటిమీద మీగడ పలచగా కడుతుంది, నెయ్యి తక్కువ దిగుతుంది, వెన్నలో ఎక్కువ భాగం గ్లాసులోకే వెళ్తుంది.

దిగిన 200 గ్రాముల నెయ్యిలో 1800 కేలరీలున్నాయి. నలుగురున్న ఇంట్లో వారంలో ఆ నెయ్యి పప్పన్నంలోనూ ఇడ్లీ కారప్పొడిలోనూ అయిపోతే మనిషికి రోజుకు 64 కేలరీలు. ఫుల్ క్రీమ్ గ్లాసుకూ టోన్డ్ గ్లాసుకూ మధ్య తేడా 60.