కొవ్వొత్తి డబ్బా మీది నాలుగు మాటలు

1837లో లండన్ వైద్యులకు కొవ్వొత్తుల మీద అనుమానం వచ్చింది. బజారులోకి కొత్తరకం కొవ్వొత్తులు వచ్చాయి. తేనెమైనం వాటిలా తెల్లగా, గట్టిగా ఉన్నాయి, ధర మాత్రం తక్కువ. కానీ వెలిగించినప్పుడు వెల్లుల్లి వాసన లాంటిది వచ్చేది. వెస్ట్‌మిన్‌స్టర్ మెడికల్ సొసైటీ ఒక సంఘాన్ని వేసి పరీక్షలు చేయించింది. ఆ కొవ్వొత్తులలో తెల్ల పాషాణం, అంటే ఆర్సెనిక్, ఉందని తేలింది. అవి వెలిగే చోట ఉంచిన పక్షులు చచ్చిపోయాయి.

విషం ఎందుకు కలిపారు? అంతకు పుష్కరం కిందట ఫ్రాన్సులో షెవ్రుల్ అనే రసాయన శాస్త్రవేత్త, గే-లుసాక్‌తో కలిసి, పశువుల కొవ్వు నుంచి గట్టి భాగాన్ని విడదీసి కొవ్వొత్తులు చేసే పద్ధతికి 1825లో పేటెంటు తీసుకున్నాడు. ఆ గట్టి పదార్థమే స్టియరిన్. మామూలు కొవ్వు కంటే బాగా మండుతుంది, కంపు కొట్టదు. ఒకే చిక్కు, చల్లారేటప్పుడు పలుకులు పలుకులుగా పేరుకుని పెళుసైపోతుంది. చిటికెడు పాషాణం కలిపితే పలుకు కట్టకుండా నున్నగా వస్తుంది. కొనేవాడు నునుపును చూశాడు. లోపల ఏముందో ఎవరూ చెప్పలేదు. తరువాతి కాలంలో తయారీదారులు కొంచెం తేనెమైనం కలిపి, పోసే వేడిని అదుపులో పెట్టి, పాషాణం లేకుండానే ఆ నునుపు సాధించారు.

ఈ రోజు చేతితో కొవ్వొత్తులు చేసి అమ్మేవారు డబ్బా మీద, ఆన్‌లైన్ పేజీలో నాలుగు సంగతులు రాస్తారు: ఏ మైనం, ఎన్ని గంటలు వెలుగుతుంది, సువాసన ఎంత, ఎలా వాడాలి. ఈ నాలుగింటిలో ఏదీ అలంకారం కాదు. ఒక్కొక్కటి ఏదో ఒక మోసం నుంచో, ప్రమాదం నుంచో, కొలత కోసం పడ్డ పాట్ల నుంచో వచ్చింది.

ఏ మైనం?

ఐరోపాలో చాలాకాలం రెండే రకాలు: గుడికీ, దొరల ఇంటికీ తేనెమైనం, మిగతావారికి గొడ్డుకొవ్వు. తేనెమైనం ఖరీదు కాబట్టి అందులో చవక సరుకు కలిపేవారు. ఎలిజబెత్ రాణి కాలంలో, 1581లో, మైనంలో కల్తీ కలపడాన్ని అడ్డుకోవడానికి ఇంగ్లండులో ప్రత్యేకంగా చట్టమే చేయాల్సి వచ్చింది. తరువాత తిమింగలం తలలో దొరికే మైనం వచ్చింది, ఆ వెనుక స్టియరిన్. 1850లో జేమ్స్ యంగ్ బొగ్గు నుంచి పారఫిన్ తీయడానికి పేటెంటు పొందాడు. కొద్ది ఏళ్లలోనే లండన్‌లోని ప్రైస్ కంపెనీ రంగూన్ నుంచి రాతినూనె తెప్పించుకుని మైనం తీసింది. సోయా మైనం నిన్నమొన్నటిది. 1990ల మొదట్లో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో మైకేల్ రిచర్డ్స్ దాన్ని తయారుచేశాడు.

కొనేవారికి మైనం పేరు చెప్పే ముఖ్యమైన విషయం, అది ఏ వేడికి కరుగుతుందన్నది. తేనెమైనం 62 నుంచి 64 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. గాజు డబ్బాల్లో పోసే సోయా మైనం సుమారు 50 డిగ్రీలకే కరిగిపోతుంది. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో ఎండలో నిలిపిన కారు లోపల అంతకంటే ఎక్కువ వేడి ఉంటుంది. అందుకే సోయా కొవ్వొత్తి అమ్మేవారు "ఎండలో, కారులో ఉంచవద్దు" అని రాయాలి. మిశ్రమమైతే మిశ్రమమనే రాయాలి. పావువంతు సోయా, ముప్పావు పారఫిన్ ఉన్నదాన్ని సోయా కొవ్వొత్తి అనడం 1581 నాటి కల్తీకి తమ్ముడే. "మా మైనానికి మసి రాదు" అనే మాటనూ నమ్మనక్కరలేదు. వత్తి పొడవైనా, గాలి కొట్టినా ఏ మైనమైనా మసి పడుతుంది.

వత్తి ఊసు కూడా ఇక్కడే చెప్పాలి. పాతకాలంలో కాలిన వత్తి కొసను మాటిమాటికీ కత్తెరతో తుంచాల్సి వచ్చేది. 1825లో ఫ్రాన్సులో కాంబాసెరెస్ జడలా అల్లిన వత్తిని కనిపెట్టాడు. అల్లిక బిగువు వల్ల కొస ఒక పక్కకు వంగి, మంట అంచు దాకా వెళ్లి, అక్కడ గాలి తగిలి దానంతటదే కాలిపోతుంది. తరువాత వత్తి నిటారుగా నిలవడానికి కొందరు సీసం తీగ పెట్టారు, ఆ సీసం పొగలో కలిసి గదిలోకి వచ్చేది. అమెరికా 2003లో దాన్ని నిషేధించింది. లోపల లోహపు తీగ ఉన్న వత్తి దొరికితే దాని కొసను తెల్ల కాగితం మీద రుద్ది చూడండి. పెన్సిలు గీతలా బూడిదరంగు గీత పడితే సీసమని అనుమానించి పక్కన పెట్టేయాలి.

ఎన్ని గంటలు?

వెలిగే కాలాన్ని లెక్కగట్టిన పాత ఉదంతం ఇంగ్లండు రాజు ఆల్ఫ్రెడ్‌ది. ఆయన జీవితం రాసిన ఆసర్ చెప్పిన ప్రకారం, రాజు ఒకే తూకం ఉన్న ఆరు కొవ్వొత్తులు చేయించాడు. ఒక్కొక్కటి పన్నెండు వెండి నాణేల బరువు, పన్నెండు అంగుళాల పొడవు. ఆరూ వరసగా వెలిగితే ఒక రోజు గడవాలి, అంటే ఒక్కొక్కటి నాలుగు గంటలు. పన్నెండు నాణేల బరువును సుమారు 18 గ్రాములనుకుంటే గంటకు నాలుగున్నర గ్రాముల మైనం ఖర్చు. ఈనాటి చిన్న కొవ్వొత్తికీ ఇంచుమించు అంతే. కానీ రాజుగారి లెక్క తప్పింది. తలుపు సందుల నుంచి, గుడారపు చిరుగుల నుంచి వచ్చే గాలికి కొవ్వొత్తులు ముందే అయిపోయేవి. ఆయన చెక్క చట్రంలో పల్చగా చెక్కిన కొమ్ము రేకులు బిగించి వాటి చుట్టూ లాంతరు కట్టించాడు. అప్పుడు గడియారం కుదిరింది.

వెయ్యేళ్ల తరువాత బ్రిటిష్ పార్లమెంటు ఇదే లెక్కను చట్టంలో పెట్టింది. గ్యాసు దీపాల వెలుగు కొలవడానికి 1860 చట్టం ఒక ప్రమాణపు కొవ్వొత్తిని నిర్ణయించింది. తిమింగలం మైనంతో చేసి, పౌనులో ఆరోవంతు తూగి, గంటకు 120 గ్రెయిన్లు కాలేది. మన లెక్కలో 75 గ్రాముల పైచిలుకు బరువు, గంటకు 7.8 గ్రాముల ఖర్చు. క్యాండిల్‌పవర్ అనే కొలత అక్కడి నుంచే వచ్చింది. అంటే బరువు, గంటకు కాలే మైనం తెలిస్తే గంటలు వాటంతటవే తెలుస్తాయి.

ఇదే పద్ధతిని ఇంట్లో చేసిన ఒక సోయా కొవ్వొత్తికి అన్వయిద్దాం. గాజు డబ్బా లోపలి వెడల్పు 7 సెంటీమీటర్లు, సువాసన నూనెతో కలిపి మైనం 200 గ్రాములు. వంటింటి తక్కెడ మీద తూచి, గాలి తగలని చోట నాలుగు గంటలు వెలిగించి, చల్లారాక మళ్లీ తూస్తే 24 గ్రాములు తగ్గింది. గంటకు 6 గ్రాములు. 200ను ఆరుతో భాగించి "33 గంటలు" అని రాసేయాలనిపిస్తుంది. అది తప్పు. డబ్బా అడుగున 12 మిల్లీమీటర్ల మైనం మిగలగానే ఆర్పేయాలి, లేకపోతే మంట వేడి నేరుగా గాజుకు తగిలి పగలవచ్చు. ఈ వెడల్పు డబ్బాలో ఆ అడుగు మైనం సుమారు 40 గ్రాములు. మిగిలిన 160 గ్రాములకు 26 గంటలు. రాయాల్సింది అదే అంకె. ఒక్కసారి తూచి ఊరుకోకుండా సగం కాలాక మళ్లీ తూచాలి, ఎందుకంటే మంట లోపలికి దిగేకొద్దీ ఖర్చు మారుతుంది.

మొదటిసారి వెలిగించే తీరు కూడా గంటలను తగ్గిస్తుంది. ఉపరితలం అంచు నుంచి అంచు దాకా కరగక ముందే ఆర్పితే మధ్యలో గుంట పడుతుంది. ఆ తరువాత మంట ఆ గుంటలోకే దిగిపోతుంది, చుట్టూ మైనం కరగకుండా మిగిలిపోతుంది. పై డబ్బాకు మొదటిసారి సుమారు మూడు గంటలు కావాలి.

సువాసన ఎంత?

వెలుగుకు 1860లో కొలత దొరికింది. సువాసనకు అటువంటి కొలత ఏదీ లేదు. "గాఢం", "మధ్యమం" అనే మాటలు అమ్మేవారి ముక్కు మీద ఆధారపడ్డవే. అయినా నిజాయితీగా చెప్పగలిగిన విషయాలు ఉన్నాయి. మొదటిది పాలు. చేతితో చేసేవారు సాధారణంగా మైనం బరువులో 6 నుంచి 10 శాతం దాకా సువాసన నూనె కలుపుతారు. మన 200 గ్రాముల డబ్బాలో 185 గ్రాములు మైనం, 15 గ్రాములు నూనె అయితే అది 8 శాతం.

నూనె ఎక్కువ పోస్తే వాసన ఎక్కువ వస్తుందనుకోవడం పొరపాటు. మైనం పట్టి ఉంచగలిగిన దానికంటే ఎక్కువైతే నూనె చెమటలా పైకి తేలుతుంది. వత్తి పూడుకుపోయి మంట కుంటుతుంది, లేదా తేలిన నూనె అంటుకుని మంట ఒక్కసారిగా లేస్తుంది. కొవ్వొత్తి పైభాగం తడిగా మెరుస్తుంటే ఆ లోపాన్ని వెలిగించకుండానే పసిగట్టవచ్చు.

రెండోది, వాసన చూసిన సందర్భం. మూత తీసి ముక్కు దగ్గర పెడితే వచ్చే వాసన వేరు, వెలిగించాక గదిలో పరుచుకునేది వేరు. రెండోది కరిగిన మైనం ఎంత వెడల్పున ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది. అందువల్ల "పది అడుగుల గది, తలుపు వేసి, ఫ్యాను ఆపి, గంట తరువాత తెలుస్తుంది, హాల్లో పల్చగా ఉంటుంది" అని రాస్తే కొనేవారికి నిజంగా ఉపయోగం.

ఎలా వాడాలి?

మైకేల్ ఫారడే 1860-61 క్రిస్మస్ సెలవుల్లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో పిల్లలకు ఒక్క కొవ్వొత్తి మీదే ఆరు ఉపన్యాసాలిచ్చాడు. మంట చుట్టూ చల్లగాలి నిదానంగా పైకి ఎక్కుతూ కొవ్వొత్తి అంచును చల్లగా ఉంచుతుందని, అందుకే నడుమ కరిగిన మైనానికి గిన్నె ఏర్పడుతుందని చెప్పాడు. గాలి ఒక పక్క నుంచి కొడితే ఆ గిన్నె అంచు కరిగి మైనం కారిపోతుంది. మన ఇళ్లలో సీలింగ్ ఫ్యాను చేసే పని ఇదే. మంట ఒరిగి, మసి పట్టి, గాజు ఒక పక్కే కాలుతుంది. కాబట్టి మన దేశంలో అమ్మే డబ్బా మీద మొదటి జాగ్రత్త ఫ్యాను గురించే ఉండాలి.

ఆ నాలుగు మాటలూ కలిపి రాస్తే ఇలా ఉంటుంది:

*మైనం: సోయా, 185 గ్రా. వత్తి: నూలు, లోహం లేదు. సువాసన నూనె: 15 గ్రా. (8 శాతం), పది అడుగుల గదికి చాలు. వెలిగే కాలం: గాలి లేని చోట సుమారు 26 గంటలు. మొదటిసారి పైభాగం అంచుదాకా కరిగేవరకు, మూడు గంటలు వెలిగించండి. ఒక్క విడతకు నాలుగు గంటలు మించవద్దు. ప్రతిసారీ వెలిగించే ముందు వత్తిని 6 మి.మీ.కు కత్తిరించండి. ఫ్యాను కింద, పరదాల దగ్గర, పిల్లలకు అందేచోట పెట్టవద్దు. వెలుగుతుండగా వదిలి వెళ్లవద్దు. నీళ్లు పోసి ఆర్పవద్దు, వేడి మైనం చిమ్ముతుంది, మూత పెట్టి ఆర్పండి. అడుగున 12 మి.మీ. మిగిలాక వాడవద్దు. ఎండలో ఉంచవద్దు.*

నాలుగు గంటల పరిమితికీ కారణం ఉంది. అంతకు మించితే వత్తి కొసన నల్లటి గుబురు కడుతుంది, మంట పెద్దదై మైనం లోతుగా కరిగి గాజు కాగిపోతుంది. ఆర్పి, చల్లారనిచ్చి, ఆ నలుపు తుంచి మళ్లీ వెలిగించుకోవచ్చు.

ఈ చీటీ రాయడానికి ప్రయోగశాల అక్కరలేదు. ఒక తక్కెడ, ఒక గడియారం, డబ్బాలో పోసినదేమిటో దాచకుండా చెప్పే అలవాటు ఉంటే చాలు. కొనేటప్పుడు ఈ చీటీలోని ఏ సంగతి కనబడకపోయినా అమ్మేవారిని అడగండి. తూచి చేసినవారు వెంటనే చెప్పగలరు.