పాడ్‌కాస్ట్ వీడియో రూపాంతరం

కెమెరా లేకుండా రికార్డు చేసిన పాడ్‌కాస్ట్ సంభాషణకు దృశ్యాలు జోడించి వీడియోగా మలిచే పద్ధతి. న్యూయార్క్ ప్రజా రేడియో డబ్ల్యూఎన్‌వైసీ 2016లో ఆడియోగ్రామ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ విడుదల చేశాక, గొంతుతో పాటు కదిలే తరంగరేఖను గీయడం రేడియోవాళ్లకు తేలికైంది. సంగీతం కలిపేసిన ఆడియో నుంచి ఈ రేఖ గీస్తే, మాట ఆగినా అది ఎగురుతూనే ఉంటుంది. అందుకే గొంతు ట్రాక్‌ను విడిగా ఇవ్వాలి.

ఎంత బాగా గీసినా రేఖ ఎక్కువసేపు కళ్లను నిలపలేదు. చేనేత మీద సంభాషణ అయితే, నేతగాడు గుంటమగ్గం గురించి చెబుతున్నప్పుడు ఆ గుంటను, కాళ్లతో తొక్కే చెక్కలను చూపాలి. కూలి గురించి ఆయన అన్న ఒక్క వాక్యం తెరపై అక్షరాల కార్డుకెక్కుతుంది. మాటకన్నా ముందే కార్డు వస్తే చూసేవారు చదివేసి వినడం మానేస్తారు. కార్డులో తడబాట్లు తీసేయవచ్చు గానీ, ఆ వాక్యంలోంచి "ఈ ఏడాది" లాంటి మాట ఎగిరిపోతే ఆయన మాటకు అర్థమే మారిపోతుంది.